చదివిన పుస్తకం వంటింటి దాకా రావాలంటే...

కథలూ నవలలూ చదివేటప్పుడు 'దీనివల్ల నాకేం లాభం' అని ఎవరూ అడగరు. చదివినంతసేపూ బాగుంటే చాలు. కానీ ఆరోగ్యం గురించో, పిల్లల పెంపకం గురించో, డబ్బు పొదుపు గురించో ఒక పుస్తకం కొనుక్కుని చదివామనుకోండి, అది మన ఇంట్లో ఏదో ఒకటి మార్చాలన్న ఆశతోనే చదువుతాం. పని మనిషి రాని రోజుల్లోనూ, పిల్లల పరీక్షల రోజుల్లోనూ ఎలాగో గంట మిగుల్చుకుని రెండు వందల పేజీలు పూర్తి చేస్తాం. "చాలా మంచి పుస్తకం వదినా, నువ్వూ చదువు" అని ఇంకొకరికి ఇచ్చేస్తాం. నెల తిరిగాక అందులో ఏముందని ఎవరైనా అడిగితే రెండు మాటలకు మించి గుర్తు రావు. ఇంట్లో అయితే ఏమీ మారదు.

ఇది జ్ఞాపకశక్తి లోపం కాదనీ, చదివే పద్ధతిలో ఒక మెట్టు తక్కువ కావడమేననీ నా అభిప్రాయం. ఆ మెట్టుకి కావలసింది ఒక రూళ్ల నోటుబుక్కు, ఒక పెన్ను, వారానికి ఒక్క ఆలోచన. వారానికి ఒక్కటే. రెండు కాదు. ఎందుకు ఒక్కటే అనేది తర్వాత చెప్తాను.

పుస్తకం మూసి రాయండి

మనలో చాలామందికి పెన్సిలుతో గీతలు గీస్తూ చదవడం అలవాటు. గీత గీసినప్పుడు ఆ మాట మన సొంతమైపోయినట్టు ఒక తృప్తి కలుగుతుంది. చిక్కంతా ఆ తృప్తితోనే. 2013లో అమెరికాలో జాన్ డన్లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి, చదువుకునే పద్ధతులు పదింటి మీద అంతవరకూ జరిగిన పరిశోధనలన్నీ తిరగేశారు. గీతలు గీయడం, చదివిందే మళ్లీ చదవడం అనే రెండూ తక్కువ ఉపయోగం ఉన్న వాటి జాబితాలోకి వెళ్లాయి. తనను తాను పరీక్షించుకోవడం, మధ్యమధ్య రోజులు వదిలి మళ్లీ చూసుకోవడం ఎక్కువ ఉపయోగం ఉన్నవిగా తేలాయి.

తనను తాను పరీక్షించుకోవడమంటే ప్రశ్నపత్రం తయారు చేసుకోనక్కర్లేదు. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద పెడితే అదే పరీక్ష. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే ఇద్దరు 2006లో కాలేజీ పిల్లలతో ఇదే చేసి చూశారు. అందరికీ ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒకసారి చదివాక కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. రాసినవాళ్లకు వందకు 56 వంతులు గుర్తున్నాయి, చదివినవాళ్లకు 42 వంతులే. మనకి కావలసింది ఐదు నిమిషాల తర్వాతి జ్ఞాపకం కాదు, వారం తర్వాతిది. అందుకే ఏ అధ్యాయమైనా పూర్తి కాగానే పుస్తకం బోర్లించి, నాలుగైదు వాక్యాలు మీ మాటల్లో రాయండి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకుని, అంకెల్లో తప్పులుంటే దిద్దుకోండి. పేజీ నంబరు పక్కన వేసుకోండి, మళ్లీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

నోటుబుక్కు తెరిస్తే రెండు పేజీలు ఎదురెదురుగా కనిపిస్తాయి కదా. ఎడమ పేజీ పుస్తకానిది, కుడి పేజీ మన ఇంటిది. ఎడమ వైపు 'పుస్తకం ఏం చెప్పింది' అన్నది రాస్తే, కుడి వైపు 'మా ఇంట్లో ఇది ఎలా ఉంది' అన్నది రాయాలి. మనలో చాలామంది ఎడమ పేజీలు నింపుకుంటూ పోయి కుడి పేజీలు తెల్లగా వదిలేస్తారు. అసలు చదువు కుడి పేజీలోనే ఉంది. అక్కడ ఏమీ రాయలేకపోతే ఆ విషయం మనకి ఇంకా అర్థం కాలేదన్నమాట. లేదా మన ఇంటికి దానితో పని లేదన్నమాట. రెండింటిలో ఏదైనా, తెలియడం మంచిదే.

నోట్సు బాగా రాస్తున్నామో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. మీ నోట్సులోని వాక్యాలు పుస్తకం భాషలోనే ఉంటే అవి ఎత్తిరాసినవే. పక్కింటి ఆవిడకి కాఫీ తాగుతూ చెప్పగలిగే భాషలో ఉంటే అవి మీవి.

ఒక పుస్తకం, ఒక ఇల్లు

ఊరికే పద్ధతి చెప్తే గాలిలో మాటలా ఉంటుంది. తెనాలిలో ఉండే మా వదిన ఒక పుస్తకంతో ఏం చేసిందో చెప్తాను. పుస్తకం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లది. భారతీయులు ఏం తినాలి, ఎలా తినాలి అన్నదాని మీద ఆ సంస్థ మార్గదర్శకాలు వేస్తుంటుంది. 2024లో దాన్ని కొత్తగా సవరించారు. మొత్తం 17 సూత్రాలు. ఇంగ్లీషు ప్రతి సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మా వదిన స్కూల్లో లెక్కల టీచరు, ఇంగ్లీషు భయం లేదు. పైగా చదవడానికి కారణం కూడా ఉంది. ఆవిడకి రక్తం తక్కువని డాక్టరు గారు మాత్రలు రాశారు. మాత్రలు వేసుకుంటూనే, తిండి వైపు నుంచి ఏం చేయొచ్చో చూద్దామనుకుంది.

ఆ పుస్తకంలో టీ, కాఫీల గురించి ఒక మాట ఉంది. వాటిలోని టానిన్లు అనే పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి, అందుకే భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు తాగకపోవడం మంచిది అని. ఈ మాట ఎడమ పేజీలోకి ఎక్కింది. అప్పుడు మా వదిన రాసుకున్నది: 'భోజనం తర్వాత టీ తగ్గించాలి.'

ఇది చూడ్డానికి బాగానే ఉంది గానీ, దీంతో వారం గడిచినా ఏమీ జరగలేదు. 'తగ్గించాలి' అన్నది పని కాదు, కోరిక. ఏ టీ? ఎన్నింటికి? ఎంత తగ్గితే తగ్గినట్టు? ఈ ప్రశ్నలకి జవాబు లేని వాక్యం నోటుబుక్కులోనే ఉండిపోతుంది.

అప్పుడు కుడి పేజీ మొదలుపెట్టింది. రెండు రోజుల పాటు తను టీ తాగిన వేళలు మాత్రం రాసింది. పొద్దున ఆరింటికి ఒకటి. ఎనిమిదిన్నరకి ఇడ్లీతోనో దోసెతోనో ఒకటి. సెలవు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి కంచం ఎత్తగానే ఒకటి, స్కూలు రోజుల్లో అదే టీ స్టాఫ్‌రూములో. సాయంత్రం ఐదింటికి ఒకటి. మొత్తం నాలుగు. ఇందులో ఆరింటిదీ ఐదింటిదీ తిండికి దూరంగానే ఉన్నాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. చిక్కు ఎనిమిదిన్నరది, రెండింటిది. నాలుగు టీలు మానాలన్న బెంగ ఒక్కసారిగా రెండు టీలు జరపడానికి దిగింది. పుస్తకం కూడా టీ మానేయమని అనలేదు, వేళ మార్చమంది. ఈ తేడా కుడి పేజీ రాశాకే ఆవిడకి కనిపించింది.

ఆ రెండింటిలోనూ ఒక్కదాన్నే ఎంచుకుంది. కొత్త వాక్యం ఇలా రాసింది: 'మధ్యాహ్నం కంచం కడగగానే ఒక గ్లాసు నీళ్లు తాగి, టీ మూడుంపావుకి తాగుతాను.' ఎప్పుడు, దేని తర్వాత, ఏం చేయాలి అన్న మూడూ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

ఇలా రాసుకోవడం వల్ల ఏమవుతుందో చూపించిన ఒక పరిశోధన ఉంది. బ్రిటన్‌లో 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో కొందరు విద్యార్థులకు వచ్చే వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయమన్నారు. కొందరికి వ్యాయామం ఎంత మంచిదో చెప్పే విషయాలు చదివించారు. వాళ్లలో చేసినవాళ్లు నూటికి 35 మంది. ఏమీ చదివించని వాళ్లలోనూ దాదాపు అంతే, 38 మంది. చదివించిన దానికి తోడు ఏ రోజు, ఏ వేళకి, ఎక్కడ చేస్తారో రాయించినవాళ్లలో మాత్రం నూటికి 91 మంది చేశారు. వాళ్లు చేశామని చెప్పిన మాట మీద ఆధారపడ్డ లెక్క ఇది. పైగా అందరూ కుర్రవాళ్లు. మన ఇళ్లలో అంత తేడా వస్తుందని నేను చెప్పను. కానీ వ్యాయామం మంచిదని చదవడం ఒక్కదానివల్ల ఏ తేడా రాలేదన్నది మాత్రం పుస్తకాలు చదివేవాళ్లం గుర్తుపెట్టుకోవాలి.

అత్తగారి టీ

వంటింట్లో వేలాడే క్యాలెండరు మీద పాల లెక్క వేస్తాం కదా, అదే గడిలో మూలన ఒక చిన్న గీత. టీ మూడుంపావుకి తాగితే నిలువు గీత, లేకపోతే సున్నా. వారం చివర చూసుకుంటే నాలుగు గీతలు, మూడు సున్నాలు.

సున్నాల మీద కోప్పడటం వల్ల ఉపయోగం లేదు. అవి ఏ రోజు వచ్చాయో చూడాలి. ఒకటి గురువారం, స్టాఫ్‌రూములో ఒకరి పుట్టినరోజు. మిగతా రెండూ సెలవు రోజులే, శనివారం, ఆదివారం. ఆ రెండు రోజులూ భోజనం కాగానే వాళ్ల అత్తగారే అందరికీ టీ పెడతారు. కోడలు వారమంతా స్కూలుకి వెళ్లి వస్తుంది కదా అని ఆవిడ ప్రేమతో చేసే పని అది. శనివారం మా వదిన "నాకు తర్వాత అత్తయ్యా" అనబోయి, ఆవిడ మొహం చూసి తాగేసింది. ఆదివారం ధైర్యం చేసి అంది.

"ఏమ్మా, నా టీ బాగాలేదా?" అన్నారు ఆవిడ.

"అయ్యో, అది కాదండీ. డాక్టరు గారు రక్తం తక్కువుందన్నారు కదా. అన్నం మీద టీ తాగితే మీరు చేసిన తోటకూర పప్పు ఒంటికి పట్టదట. ఫ్లాస్కులో పోసి పెడతారా, మూడుంపావుకి తాగుతాను."

"తోటకూర ఒంటికి పట్టదా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని ఆవిడ ఫ్లాస్కు తీశారు. అయితే ఆ రోజు అప్పటికే కప్పులో పోసేయడంతో సున్నా పడింది గానీ, తర్వాతి వారం ఏడింటికి ఆరు గీతలు వచ్చాయి.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించిన సంగతి ఒకటుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్ల కోసం రాసిన పుస్తకాల్లో చదివేవాడు తన జీవితానికి తనే యజమాని అన్నట్టు రాస్తారు. 'రేపటినుంచి ఇది చెయ్యి' అంటే చేసేయగలడు. మన ఇళ్లలో ఆడవాళ్లకి చాలా పనులు నలుగురితో ముడిపడి ఉంటాయి. టీ వేళ మార్చుకోవాలన్నా ఒకరిని నొప్పించకుండా మార్చుకోవాలి. అందుకే వారానికి ఒక ఆలోచన ఎంచుకునేటప్పుడు నోటుబుక్కులో ఇంకో ప్రశ్న చేర్చుకోవాలంటాను: 'ఇది నా చేతిలో ఉందా, ఎవరినైనా అడగాలా?' పూర్తిగా మన చేతిలో ఉన్నవాటితో మొదలుపెట్టాలి. మూడు నాలుగు వారాల తర్వాత, ఒకరిని ఒప్పించాల్సినవి. ఇల్లంతా మారాల్సినవి చివరికి. ఈ వరస తప్పి మొదటి వారమే ఇంటిల్లిపాదినీ మార్చబోతే, 'పుస్తకాలు చదివి మాకు పాఠాలు చెప్తోంది' అన్న మాట పడుతుంది. ఆ మాటతో నోటుబుక్కు అటకెక్కుతుంది.

ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ

అదే పుస్తకంలో మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాములు మించకూడదని ఉంది. చదునుగా తీసిన ఒక టీస్పూను దాదాపు అంత. ఈ అంకె వినగానే మనకి ఏమీ అనిపించదు. ఎందుకంటే మనం ఉప్పు గ్రాముల్లో వేయం, చేత్తో వేస్తాం. కూరలో ఎంత, పులుసులో ఎంత అని విడివిడిగా తూచడం ఏ ఇల్లాలివల్లా కాదు.

మా వదిన దీన్ని ఒక నిమిషం పనిగా మార్చింది. కొత్త కిలో ప్యాకెట్టు విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేసింది. ఆ వారం ఆలోచన అంతే, తేదీ వేయడం. ప్యాకెట్టు 26 రోజులకి అయిపోయింది. కిలో అంటే 1000 గ్రాములు. దాన్ని 26తో భాగిస్తే రోజుకి 38 గ్రాములు దాటింది. ఇంట్లో నలుగురు. తలా 9 గ్రాముల పైమాటే. తలా 5 గ్రాముల లెక్కన అదే ప్యాకెట్టు 50 రోజులు రావాలి.

ఈ లెక్కకి హద్దులున్నాయి, అవి కూడా కుడి పేజీలో రాసుకోవాలి. చుట్టాలు వచ్చి నాలుగు రోజులున్నారు. కొంత ఉప్పు పారబోసిన నీళ్లలో పోయింది. మరోవైపు ఆవకాయ, అప్పడాలు, వడియాలు, బయటి నుంచి తెచ్చిన కారప్పూస ఉప్పు ఈ ప్యాకెట్టులోది కాదు, అది అదనం. కాబట్టి ఇది నిక్కచ్చి అంకె కాదు. కానీ 26 రోజులకీ 50 రోజులకీ మధ్య తేడా అంత పెద్దది కాబట్టి ఆ ఇంట్లో ఉప్పు ఎక్కువే వాడుతున్నారని చెప్పడానికి ఈ మాత్రం లెక్క చాలు. రెండు ప్యాకెట్ల మధ్య తేడా చూసుకోవడానికైతే మరీ బాగా పనికొస్తుంది.

తర్వాతి వారం ఆలోచన కూరల్లో ఉప్పు తగ్గించడం కాదు. అలా చేసి ఉంటే మొదటి రోజే మామగారు కంచం ముందు "ఉప్పేదీ?" అనేవారు. భోజనాల బల్ల మీదున్న ఉప్పు గిన్నెని వంటింటి అలమరలో పెట్టింది. కావాలన్నవాళ్లు లేచి వెళ్లి తెచ్చుకోవచ్చు, వద్దని ఎవరూ అనరు. తన మజ్జిగలో తను ఉప్పు వేసుకోవడం మానింది. రెండూ తన చేతిలో పనులే. ఆ తర్వాతి ప్యాకెట్టు 31 రోజులు వచ్చింది. అంటే తలా 8 గ్రాములు. ఐదుకి ఇంకా దూరమే. అయినా కూర రుచి ఎవరికీ మారకుండా ఒకటిన్నర గ్రాము దిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పుస్తకాలు అందరికీ కలిపి రాస్తారు, మన ఒక్కరి కోసం కాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు తిండిలో మార్పులు డాక్టరుని అడిగే చేయాలి. ముఖ్యంగా సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. అది కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ప్రమాదం. ఉప్పు తగ్గించినా వాడేది అయోడిన్ ఉన్న ఉప్పే అయి ఉండాలి. రాసిచ్చిన ఐరన్ మాత్రలు టీ వేళ మార్చాం కదా అని మానకూడదు.

వారంలో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

వారం వారం పద్ధతిలో జనం బోల్తా పడేది ఇక్కడే. టీ వేళ మార్చిన వారానికి రక్తం పెరిగిందా అని చూసుకుంటే ఏమీ కనిపించదు. రక్తంలో తేడా రావడానికి వారాలు, నెలలు పడుతుంది. మాత్రలు వేసుకుంటూ తిండి కూడా మార్చుకుంటే, పెరిగినది దేనివల్లో విడదీసి చెప్పడం కూడా కష్టం. 'ఏమీ లాభం లేదు' అని వదిలేయడానికి వారం చాలదు, 'అద్భుతం' అనడానికీ చాలదు.

మరి వారంలో ఏం తెలుస్తుంది? ఈ పని మన ఇంట్లో జరుగుతుందా, జరగదా అన్నది తెలుస్తుంది. ఏ రోజు ఆగింది, ఎవరివల్ల ఆగింది, ఏం మారిస్తే నడుస్తుంది అన్నది తెలుస్తుంది. అందుకే క్యాలెండరు మీద గీతలు పనికే గానీ ఫలితానికి కాదు. ఫలితం చూడాల్సిన తేదీ వేరే రాసుకోవాలి. మా వదిన విషయంలో అది డాక్టరు గారు మళ్లీ రక్త పరీక్షకి రమ్మన్న తేదీ. ఉప్పు విషయంలో ప్యాకెట్టు అయిపోయిన రోజు.

ఆదివారం రాత్రి పది నిమిషాలు కూర్చుంటే చాలు. వారం ఆలోచన పక్కన మూడు మాటల్లో ఒకటి రాయాలి: 'ఉంచుదాం', 'మార్చుదాం', 'వదిలేద్దాం'. నాలుగు గీతలు వచ్చిన టీకి 'మార్చుదాం' అని రాసి, ఫ్లాస్కు చేర్చి ఇంకో వారం నడిపింది. 'వదిలేద్దాం' అన్న మాట రాయడానికి మొహమాటపడక్కర్లేదు. అదే పుస్తకంలోంచి పొద్దున్నే అరగంట నడక అనుకుని, ఆరింటికి పాలవాడు, ఆరున్నరకి పిల్లల క్యారేజీలు, ఏడింటికి నీళ్లు వచ్చే ఇంట్లో అది కుదరదని రెండో వారానికే వదిలేసింది. ఆ వేళ కుదరదని తేలింది కానీ నడక చెడ్డదని కాదు. వేసవి సెలవుల కోసమని పేజీ చివర రాసి పెట్టింది.

ఇప్పుడు, వారానికి ఒక్కటే ఎందుకన్న మాటకి వస్తాను. సంవత్సరానికి 52 వారాలు, 52 ఆలోచనలు, సంవత్సరం తిరిగేసరికి 52 కొత్త అలవాట్లు అని లెక్క వేసుకునేవాళ్లున్నారు. అది జరగదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చిన్న పని ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరి విషయంలో లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. అంటే వారం అన్నది పరీక్ష గడువే గానీ అలవాటు గడువు కాదు. 'ఉంచుదాం' అని రాసినది రెండు నెలలు గీతలతో పాటు నడవాలి. ఆ రెండు నెలల్లో ప్రతి వారం ఇంకొకటి గుమ్మరిస్తే మొదటిది కింద పడుతుంది. అందుకే రెండు ఆలోచనలు 'ఉంచుదాం'లో ఉండగా మూడో కొత్తది ఎత్తుకోవద్దంటాను. ఆ వారాల్లో నోట్సు రాస్తూ ఉండండి, ఎంపిక ఆపండి. ఈ లెక్కన ఏడాది చివరికి నాలుగో ఐదో నిలుస్తాయి. నాకైతే అది తక్కువ అనిపించదు. ఏడాదిలో చదివిన ఎనిమిది పుస్తకాల్లోంచి ఒక్కటీ నిలవని ఇళ్లే ఎక్కువ చూశాను.

అన్ని పుస్తకాలకీ కాదు

ఈ పద్ధతి అన్నిటికీ పట్టుకెళ్లకూడదని కూడా చెప్పాలి. చరిత్ర పుస్తకం చదివి ఈ వారం ఏం ఆచరించాలని వెతుక్కోవడం అన్యాయం. ఆత్మకథ చదివినప్పుడు ఒక మనిషి బతుకు తెలియడమే లాభం. అలాంటివాటికి ఎడమ పేజీ చాలు. కుడి పేజీలో ఏదైనా రాయాలనిపిస్తే ఒక ప్రశ్న రాసుకోండి. అదే కాలంలో మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఏం జరిగింది అని రాసుకుని, ఊళ్లో ఉన్న పెద్దవాళ్లని అడిగితే అదే ఆ వారం పని.

ఇక వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలున్నాయి. వాటిని కుడి పేజీతో పరీక్షించొచ్చు. యాభై పేజీలు చదివాక కూడా 'ఎప్పుడు, దేని తర్వాత, ఏం చేయాలి' అన్న ఒక్క వాక్యం రాయలేకపోతే ఆ పుస్తకంలో ఉన్నది ఉపన్యాసమే. మిగతా రెండొందల పేజీలు చదవకుండా ఆపేయడానికి మీకు పూర్తి హక్కు ఉంది. డబ్బు పెట్టి కొన్నాం కదా అని చివరిదాకా చదివితే డబ్బుతో పాటు సమయమూ పోతుంది.

మొదలుపెట్టేవాళ్లకి నా మాట ఒక్కటే. కొత్త పుస్తకం కొనకండి. ఇప్పటికే చదివి అలమరలో పెట్టినదాన్ని తీయండి. తెరవకుండానే, అందులోంచి గుర్తున్నవి ఎడమ పేజీలో రాయండి. మూడు వాక్యాలొచ్చినా సరే. తర్వాత తెరిచి సరిచూసుకోండి. ఆ మూడింటిలో పూర్తిగా మీ చేతిలో ఉన్న ఒక్కదాన్ని కుడి పేజీలోకి దించి, సోమవారం గడిలో మొదటి గీత వేయండి. ఉప్పే ఎంచుకుంటే మరీ తేలిక, ఈసారి ప్యాకెట్టు విప్పేటప్పుడు పక్కన పెన్ను ఉంటే చాలు.